బెల్లం దిమ్మ గిల్లి చూసినట్టు: రాత పనికి నమూనా ఎలా కట్టానంటే



మొన్న అనకాపల్లి యార్డులో కలిసిన ఇద్దరు ముగ్గురు ఒకటే అడిగారు. "మీరేవో వీడియోలకి రాస్తున్నారంట కదా, డబ్బులు కూడా ఇస్తున్నారంట, ఎలాగో మాకూ చెప్పండి, మా గుంటడు ఇంటరు చదివి ఖాళీగా ఉన్నాడు" అని. అక్కడ నిలబడి రెండు ముక్కలు చెప్తే తేలే పని కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి. ముఖ్యంగా డబ్బులు పోగొట్టుకునే భాగం వదలొద్దు.

ముందే చెప్పేస్తాను, ఇది సాగుని వదిలి చేసే పని కాదు. గడిచిన ఎనిమిది నెలల్లో దీని మీద నాకు వచ్చింది మొత్తం పదిహేడు వేల చిల్లర. కార్శి తోటకి ఎరువుల ఖర్చు దీంట్లోంచి వెళ్ళింది, అంతే. నెలకి ముప్పై వేలు, యాభై వేలు వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నేను దీంట్లోకి వచ్చింది మా మేనల్లుడి వల్ల. వాడు గాజువాకలో ఉంటాడు. నిరుడు వేసవిలో వచ్చినప్పుడు చెప్పాడు. "మావయ్యా, వ్యవసాయం వీడియోలు చేసేవాళ్ళు, విత్తనాలు, డ్రిప్పు అమ్మే వెబ్‌సైట్లవాళ్ళు తెలుగులో రాసేవాళ్ళ కోసం చూస్తున్నారు. రాసేవాళ్ళు దొరుకుతున్నారు గానీ వాళ్ళకి చెరకు తెలీదు. నీకు చెరకు తెలుసు, రాయడం నేర్చుకో" అన్నాడు.

నేను అడిగిన మొదటి మాట, "నాకు అనుభవం లేదు కదరా, ఎవడిస్తాడు?" అని.

వాడు నవ్వి, "యార్డులో నీ బెల్లం కొనేవాడు నీ చదువు అడుగుతాడా?" అన్నాడు.

ఆ మాట నిజమే. యార్డులో వ్యాపారి మన పేరు చూడడు. దిమ్మ రంగు చూస్తాడు, గోటితో గిల్లి గట్టిదనం చూస్తాడు, చిన్న పలుకు నోట్లో వేసుకుంటాడు. రాత పనిలోనూ అంతే. పని ఇచ్చేవాడు "ఎన్నేళ్ళ అనుభవం" అని మాటవరసకి అడుగుతాడు గానీ, చివరికి "మీరు రాసింది ఒకటి పంపండి" అంటాడు. పంపడానికి ఏదీ లేకపోతే మాట అక్కడితో అయిపోతుంది. ఎవరూ పని ఇవ్వకముందే మనంతట మనం రాసి పెట్టుకున్న ఆ ముక్కే నమూనా. శాంపిల్ అంటారు వాళ్ళు. నేను ఒక్క నమూనా తయారు చేయడానికి ఎన్ని తప్పులు చేశానో చెప్తే మీకు పని జరుగుతుంది.

మొదటిసారి రాసింది

"చెరకు సాగు – యాజమాన్య పద్ధతులు" అని పేరు పెట్టాను. ఫోనులో మూడు నాలుగు వ్యాసాలు చదివి, ఒక దాంట్లోంచి రకాలు, ఒక దాంట్లోంచి ఎరువులు, ఇంకో దాంట్లోంచి పురుగులు తీసి ఒకచోట పెట్టాను. మొదటి వాక్యం ఇలా ఉండేది: "భారతదేశంలో పండించే ముఖ్యమైన వాణిజ్య పంటలలో చెరకు ఒకటి." రాశాక నాకే ముచ్చటేసింది, పేపర్లో వచ్చినట్టే ఉందని.

మేనల్లుడికి పంపితే వాడు దాంట్లోంచి ఒక వాక్యం తీసి, ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్‌లో వేశాడు. అలా పెడితే అచ్చంగా అదే వాక్యం ఎక్కడుందో చూపిస్తుంది. రెండు చోట్ల ఉంది. "పని ఇచ్చేవాడు మొదట చేసేది ఇదే మావయ్యా. ఒక్క వాక్యం దొరికితే మిగతాది చదవడు" అన్నాడు.

కాపీ కొట్టడంలో సిగ్గు సంగతి ఒకటైతే, మన రైతులకి దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నెట్లో ఉన్న పాత వ్యాసాలకి వయసు తెలీదు. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపేసింది. ఏళ్ళ కిందటి వ్యాసాల్లో ఆ మందు పేరు ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది. నేను గుడ్డిగా ఎత్తి రాస్తే, నా రాత చూసి ఇంకొకడు షాపుకెళ్ళి అడుగుతాడు. అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాను. నమూనాలో మందు పేరూ, మోతాదూ రాయను. నా చేత్తో చేసిన పని, నా కంటితో చూసిన గుర్తు మాత్రమే రాస్తాను. మందు సంగతి తప్పనిసరైతే శాస్త్రవేత్తని అడిగి, ఏ తేదీన అడిగానో కింద రాసుకుంటాను.

ఒక్క ప్రశ్న పట్టుకోవడం

రెండోసారి మొత్తం చెరకు సాగు వదిలేశాను. రెండు నిమిషాల వీడియోలో గానీ, ఒక పేజీ వ్యాసంలో గానీ సాగు అంతా పట్టదు. పట్టించాలని చూస్తే ఏదీ సరిగ్గా చెప్పలేం. ఒక రైతు అడిగే ఒక్క ప్రశ్న తీసుకోవాలి. నేను తీసుకున్నది: "నాటిన నెలకి చెరకు మొవ్వు ఎందుకు ఎండుతుంది?"

మనందరికీ తెలిసిందే, అది పీక పురుగు. నాటిన మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా ఎండలు ముదిరి తడి లేని చేలల్లో వస్తుంది. దానికి మన చేతిలో ఉన్న పని, నాటిన మూడో రోజుకల్లా తోటలో చెరకు చెత్త పలచగా పరవడం. చెత్త ఉంటే నేల చల్లగా ఉంటుంది, తడి ఆరదు, కలుపు తగ్గుతుంది, పురుగూ తగ్గుతుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి దీని గురించి రాయడానికి ఎవరి వ్యాసమూ చూడక్కర్లేదు అనుకున్నాను.

రాసే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, అది నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరికి పంపాలనుకుంటున్నానో ఆ వీడియోలవాళ్ళవి మూడు పెట్టి, కాగితం పట్టుకుని విన్నాను. ఎన్ని నిమిషాలు ఉంది, అసలు విషయం ఎన్నో సెకనులో మొదలవుతుంది, "మీరు" అంటున్నారా "రైతులు" అంటున్నారా, చివర ఏం చెప్పి ఆపుతున్నారు, ఈ నాలుగూ రాసుకున్నాను. మూడూ రెండు నిమిషాల చుట్టూనే ఉన్నాయి. మూడింట్లోనూ పది సెకన్లలోపే సమస్య చెప్పేశారు. ఎవరూ "భారతదేశంలో" అని మొదలుపెట్టలేదు.

కాగితం మీద ఒకటి, నోట్లో ఒకటి

కూర్చుని రాశాను. ఆరు వందల నలభై మాటలు వచ్చాయి. బాగానే ఉందనుకుని ఫోనులో గడియారం పెట్టి పైకి చదివాను. దగ్గర దగ్గర ఆరు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాల వీడియోకి ఆరు నిమిషాల రాత! నాలుగైదు సార్లు చదివి చూసుకుంటే, తొందర లేకుండా చదివితే నాకు నిమిషానికి నూట పది మాటలు పడుతున్నాయి. అంటే రెండు నిమిషాలకి రెండు వందల ఇరవై. తెలుగులో మాటలు ఒకదానికొకటి అంటుకుపోయి పొడుగైపోతాయి కాబట్టి లెక్క మీద పూర్తిగా ఆధారపడొద్దు. పైకి చదివి గడియారం చూడటమే సరైన కొలత.

పైకి చదవడంలో ఇంకో లాభం ఉంది. ఎక్కడ ఊపిరి చాలక ఆగుతామో అక్కడ వాక్యం పొడుగైందని అర్థం. "ఉపశమింపజేయవచ్చును", "ఆచరించవలసి ఉంటుంది" లాంటివి చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. తోటలో నిలబడి పక్క రైతుతో ఎవరైనా అలా మాట్లాడతామా? అవన్నీ కొట్టేశాను.

ఆఖరికి మొదటి అరనిమిషం ఇలా తేలింది. స్క్రిప్టులో ప్రతి ముక్కకీ రెండు భాగాలు ఉండాలి, తెర మీద ఏం కనపడాలి, చెవికి ఏం వినపడాలి.

చూపేది: నెల వయసు చెరకు పిలక. చెయ్యి మొవ్వు పట్టుకుని లాగుతుంది.
వినేది: చెరకు నాటి నెల దాటింది. పక్క ఆకులు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో మొవ్వు మాత్రం ఎండింది. పట్టి లాగండి. ఊరికే ఊడి వచ్చిందా? వాసన చూడండి. కుళ్ళు కంపు కొడితే అది పీక పురుగు.

చూపేది: కొత్తగా నాటిన తోటలో ఇద్దరు చెత్త పరుస్తున్నారు.
వినేది: ఎండ ముదిరి నేల ఆరిన చోట ఈ పురుగు ఎక్కువ. అందుకే నాటిన మూడో రోజుకల్లా చెరకు చెత్త పలచగా పరవండి.

ఇలా రాస్తే వీడియో తీసేవాడికి సగం పని తగ్గుతుంది, ఏ బొమ్మ కావాలో ముందే తెలుస్తుంది కాబట్టి. తర్వాత నాకు పని ఇచ్చిన ఒకాయన చెప్పింది కూడా ఇదే. నా దగ్గరకంటే మంచి తెలుగు రాసేవాళ్ళు వచ్చారట గానీ, వాళ్ళ రాతలో చూపించడానికి ఏమీ లేదట. "దిగుబడి పెరుగుతుంది" అని రాస్తే కెమెరా ఏం చూపిస్తుంది? "మొవ్వు పట్టి లాగండి" అంటే చూపించడానికి చెయ్యి ఉంది, మొవ్వు ఉంది.

మూడు టన్నుల తప్పు

ఇప్పుడు అసలు సంగతి. రెండు నిమిషాలకి కుదించాను, మాట సాఫు చేశాను, ఇక పంపేద్దామని కూర్చున్నాను. సాయంత్రం మునగపాక నుంచి మా బావ వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. "ఎకరాకి మూడు టన్నుల చెత్త పరవండి" అన్న చోట ఆపేశాడు.

"ఏటి బావా, మూడు టన్నులా? అంత మందాన పరిసేస్తే మొలక పైకెలాగొస్తాది? ముచ్చె ముసుగేసుకుని పడుకుంటాది."

నేను వాదించాను. కాగితం మీద ఉంది, శాస్త్రవేత్తలు చెప్పిందే అన్నాను. తీసి చూస్తే, నేను అంకె తీసుకున్నది ఇంగ్లీషు కాగితంలోంచి. అందులో మూడు టన్నులు ఉన్న మాట నిజం, కానీ అది హెక్టారుకి. హెక్టారంటే దగ్గర దగ్గర రెండున్నర ఎకరాలు. మూడుని రెండున్నరతో భాగిస్తే ఎకరాకి ఒకటింపావు టన్ను లోపే. నేను రెండింతల పైన రాసేశాను.

సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా నా చేత్తో పరుస్తున్నాను, ఎంత మందాన పరుస్తానో నా చేతికి తెలుసు. కాగితం ముందు కూర్చునేసరికి నా చేతిని నేనే నమ్మలేదు. అంకె గొప్పగా కనిపించింది, పెట్టేశాను. ఇది చెత్త కాబట్టి సరిపోయింది, మహా అయితే మొలక దెబ్బతింటుంది. అదే యూరియానో, పురుగుమందో అయి ఉంటే? హెక్టారు లెక్క ఎకరాకి రాస్తే, విన్న రైతు రెండున్నర రెట్లు పోస్తాడు. తోట మాడితే నన్ను తిట్టడానికి కూడా వాడికి నేనెవరో తెలీదు. వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అప్పటినుంచి ప్రతి రాతకీ చివర మూడు పనులు చేస్తున్నాను. ఒకటి, రాతలో ఉన్న ప్రతి అంకెకీ చుట్టూ గీత గీసి, పక్కన "ఎకరా" లేదా "హెక్టారు" అని చేత్తో రాస్తాను. ఇంగ్లీషు కాగితాలు ఎక్కువగా హెక్టారులో ఉంటాయి, మనం మాట్లాడేది ఎకరాలో. రెండు, ఆ అంకెని మన పనిలోకి తెచ్చి చూస్తాను. ఒకటింపావు టన్ను అంటే ఎన్ని మోపులు, పరిస్తే నేల కనపడుతుందా లేదా అని. మూడు, అనుమానం ఉంటే అడుగుతాను. మనకి ఆ అదృష్టం ఉంది. అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1913 నుంచి ఉంది, చెరకు మీద పనిచేసేవాళ్ళు అక్కడే ఉన్నారు. వెళ్ళి అడిగితే చెప్తారు. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వేసే వ్యవసాయ పంచాంగం ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. రాత పూర్తయ్యాక చదువుకున్నవాళ్ళకే చూపించకండి. ఆ పని చేసేవాడికి వినిపించండి. మా మేనల్లుడు కాపీ పట్టుకున్నాడు గానీ మూడు టన్నులు పట్టుకోలేకపోయాడు. వాడు ఎప్పుడూ చెత్త పరవలేదు.

అదే సరుకుతో ఇంకో రెండు

ఒక నమూనా ఉంటే చాలదు, మూడు ఉంటే మంచిది. పది అక్కర్లేదు, ఎవరూ చదవరు. మూడూ వేరువేరు రకాలుగా ఉండాలి.

రెండోది వెబ్‌సైటు వ్యాసం. కొత్త విషయం వెతకలేదు, అదే పీక పురుగుని మూడు వందల యాభై మాటల వ్యాసంగా రాశాను. వీడియోకీ వ్యాసానికీ తేడా ఏంటంటే, వ్యాసాన్ని మనిషి వెతుక్కుంటూ వస్తాడు. అందుకే శీర్షిక రైతు గూగుల్‌లో కొట్టే ప్రశ్నలాగే పెట్టాలి: "చెరకులో మొవ్వు ఎండిపోతోంది, ఎందుకు?" మొదటి రెండు వాక్యాల్లోనే జవాబు చెప్పేయాలి. కింద గుర్తు, కారణం, చేయాల్సిన పని, ఈ మూడు చిన్న తలకట్లు. వీడియోలో "ఇలా లాగండి" అంటే సరిపోయింది, అక్కడ బొమ్మ ఉంది. వ్యాసంలో బొమ్మ లేకపోతే "మధ్య ఆకు మొదలు దగ్గర పట్టి మెల్లగా పైకి లాగితే" అని పూర్తిగా చెప్పాలి.

మూడోది బెల్లం అమ్మే పేజీకి రాసేది. నూట ఇరవై మాటలు. ఇది రాసేటప్పుడు చెయ్యి ఎక్కడికో పోతుంది, "నూటికి నూరు పాళ్ళు ఆర్గానిక్, రక్తహీనత పోగొడుతుంది" అని. ఆగండి. ఆర్గానిక్ అని అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నియమం ప్రకారం మామూలుగా సర్టిఫికెట్ ఉండాలి. జబ్బు తగ్గుతుందని రాస్తే అమ్మేవాడి మీదికి వస్తుంది. నేను రాసింది మన గానుగ దగ్గర జరిగేదే. మడ్డి ఎలా తీస్తాం, రసం తేటపడటానికి బెండ జిగురు ఎలా వేస్తాం, హైడ్రోస్ వేయని బెల్లం ఎందుకు కొంచెం నల్లగా ఉంటుంది, వర్షాకాలంలో ఎలా దాచుకోవాలి. కొనేవాడికి రంగు మీద ఉన్న అనుమానం తీరితే చాలు. తెల్లటి బెల్లమే మంచిదనుకునే మనిషికి ఆ ఒక్క వాక్యం ఉపయోగపడుతుంది.

తెరుచుకోని నమూనా

మూడూ సిద్ధం అయ్యాయి. మొదట పట్నంలో డీటీపీ సెంటర్లో టైపు చేయించాను. పేజీకి ఇంత అని తీసుకున్నారు. అవతలవాళ్ళ ఫోనులో తెరిస్తే అంతా పిచ్చి గీతలు! పాత డీటీపీ ఫాంట్లు ఆ కంప్యూటర్లోనే తెలుగుగా కనపడతాయి. వెబ్‌సైటుకి యూనికోడ్ తెలుగే కావాలి. మన ఫోనులో వాట్సాప్‌కి కొట్టే తెలుగు యూనికోడే, కాబట్టి ఫోనులోనే కొట్టుకోండి. నేను నోటితో చెప్పి టైపు చేయిస్తాను, అది "ముచ్చె"ని, "కార్శి"ని ఎప్పుడూ తప్పు పెడుతుంది, మళ్ళీ దిద్దుకుంటాను.

తర్వాత గూగుల్ డాక్స్‌లో పెట్టి లింకు పంపాను. ఎనిమిది మందికి పంపితే ఒక్కరూ జవాబివ్వలేదు. పది రోజులు పోయాక ఒకాయన "మీ ఫైలు తెరుచుకోవట్లేదు" అన్నాడు. ఎనిమిది మందికీ తాళం వేసిన గది చూపించానన్నమాట. దాన్ని ఇలా తీయాలి: ఫైలులో Share నొక్కితే General access అని ఉంటుంది. అక్కడ Restricted అని ఉంటే మార్చి Anyone with the link పెట్టాలి, పక్కన Viewer ఉండాలి. Editor పెడితే ఎవరైనా మన రాత మార్చేయగలరు. తర్వాత క్రోమ్‌లో New Incognito tab తెరిచి లింకు అందులో వేసి చూడండి. లాగిన్ అడక్కుండా తెరుచుకుంటే సరే.

లింకుతోపాటు పంపే మాట కూడా చిన్నదిగా ఉండాలి. నాకు మొదటి పని తెచ్చిన సందేశం ఇదే:

"నమస్కారం అండి. నేను అనకాపల్లి దగ్గర చెరకు రైతుని. మీ కార్శి తోట వీడియో చూశాను. అందులో మోళ్ళు చెక్కడం గురించి చెప్పారు, ఎప్పుడు చెక్కాలో చెప్పలేదు. దాని మీద రెండు నిమిషాల స్క్రిప్టు రాయగలను. నేను రాసిన నమూనా ఈ లింకులో ఉంది, రెండు నిమిషాల్లో చదవొచ్చు. ఇది నా అంతట నేను రాసుకున్నది, ఎక్కడా రాలేదు. స్క్రిప్టుకి నాలుగు వందలు. నచ్చకపోతే ఒకసారి దిద్ది ఇస్తాను."

"ఎక్కడా రాలేదు" అని చెప్పడానికి మొదట మొహమాటపడ్డాను. చెప్పడమే మంచిది. పెద్ద పెద్ద చోట్ల రాశానని అబద్ధం చెప్తే ఒక్క ఫోనుతో తేలిపోతుంది. "ఒకసారి దిద్ది ఇస్తాను" అన్న మాట కూడా ముందే రాయండి. లేకపోతే ఆరుసార్లు దిద్దిస్తారు, నాలుగు వందలకి వారం పోతుంది.

డబ్బుల దగ్గర

ఒకచోట దెబ్బ తిన్నాను. "మీ నమూనా బాగుంది, ట్రయల్‌గా ఇంకో ఐదు రాసి ఇవ్వండి, తర్వాత నెలనెలా పని ఇస్తాం" అన్నారు. ఐదూ రాసి ఇచ్చాను, నాలుగు రాత్రులు. తర్వాత ఫోను ఎత్తలేదు. నెల పోయాక మా ఆవిడ ఫోనులో ఏదో వింటూ, "ఏటండీ, ఇది మీరు రాసిందే కదా" అంది. ఔను, నా మాటలే, ఎవరో చదువుతున్నారు. పైసా రాలేదు.

ఇప్పుడు ట్రయల్ అడిగితే, "నమూనాలు మూడు ఉన్నాయి కదండీ, మీ విషయం మీద మొదటి అరనిమిషం రాసి చూపిస్తాను, మిగతాది సగం డబ్బు పంపాక" అంటున్నాను. నిజంగా పని ఉన్నవాడు ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకోనివాడు పోతున్నాడు, పోనీ. వ్యాపారి బెల్లం పలుకు గిల్లి నోట్లో వేసుకుంటాడు గానీ ఐదు దిమ్మలు ఇంటికి పట్టుకుపోడు కదా.

రెండో రకం ఇంతకంటే చెడ్డది. మా వీధి కుర్రాడికి "ఇంట్లో కూర్చుని రాత పని, ముందు రిజిస్ట్రేషన్‌కి రెండున్నర వేలు కట్టాలి" అని మెసేజీ వచ్చింది. కట్టాడు. తర్వాత "మీరు రాసింది తప్పులున్నాయి, జరిమానా కట్టకపోతే కేసు పెడతాం" అని బెదిరించారు. పని ఇచ్చేవాడు మనకి డబ్బు ఇస్తాడు, మన దగ్గర తీసుకోడు. ఏ పేరుతో అడిగినా సరే కట్టొద్దు. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

పని దొరికాక నమూనాలు కూడా మారుస్తూ ఉండాలి. నేను రాసింది నిజంగా వీడియోగా వచ్చాక ఆ లింకుని పైన పెట్టి, ఇంట్లో రాసుకున్నది కిందకి జరిపాను. అయితే చాలాచోట్ల మన పేరు వేయరు, డబ్బిచ్చి రాత తీసుకుంటారు. అలాంటిది మన నమూనాగా చూపించాలంటే ముందు వాళ్ళని అడగాలి. నేను అడిగిన నలుగురిలో ముగ్గురు సరే అన్నారు. నాలుగో ఆయన వద్దన్నాడు, చూపించడం లేదు.

ఇంకా చాలా పరిమితులున్నాయి. నాకు చెరకు, బెల్లం, కొంచెం వరి, అంతకు మించి రాయలేను. జీడి మీద రాయమని ఒకరు అడిగితే వద్దన్నాను, నాకు జీడి తోట లేదు. నాట్లప్పుడు, గానుగ నడిచే రోజుల్లో రాయడం కుదరదు, ముందే చెప్పేస్తాను. నెలకి నాలుగైదు స్క్రిప్టులు, అంతే నా ఓపిక.

మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే, మీ చేలో ఈ నెల మీరు చేసిన ఒక్క పని తీసుకోండి. దాని గురించి పక్క ఊరి రైతు అడిగే ఒక్క ప్రశ్న రాయండి. రెండు వందల ఇరవై మాటల్లో జవాబు చెప్పండి. పైకి చదివి గడియారం చూడండి. అంకెల పక్కన ఎకరా ఉందో, హెక్టారు ఉందో చూడండి. తర్వాత మీ బావకో, మావకో అరుగు మీద చదివి వినిపించండి. ఆయన ఎక్కడ "ఏటీ?" అంటాడో అక్కడ దిద్దండి.

ఎల్లుండి నుంచి మా కార్శిలో మోళ్ళు చెక్కే పని మొదలు. అది అయ్యేదాకా నేను ఫోను పట్టుకోను. మీరు రాసినవి ఉంటే పంపండి, పని తెమిలాక తీరిగ్గా చదివి, మూడు టన్నులు ఎక్కడైనా కనపడితే చెప్తాను.

ఉంటాను.